జీతం కోత ఎప్పటివరకు?

2020 మార్చి 19న ఇండిగో విమానయాన సంస్థ ఉద్యోగులకు సీఈఓ రోనోజాయ్ దత్తా నుంచి ఒక ఈమెయిల్ అందింది. కరోనా భయంతో టికెట్లు కొనేవాళ్లు తగ్గిపోయారని, సంస్థ చేతిలో నగదు మిగలాలంటే జీతాలు తగ్గించక తప్పడం లేదని దాని సారాంశం. దత్తా ముందు తన జీతంలోనే 25 శాతం కోసుకున్నారు. సీనియర్ వైస్ ప్రెసిడెంట్లు, ఆ పైవారికి 20 శాతం, వైస్ ప్రెసిడెంట్లకూ పైలట్లకూ 15 శాతం, అసిస్టెంట్ వైస్ ప్రెసిడెంట్లకూ క్యాబిన్ సిబ్బందికీ 10 శాతం, వారి కింది శ్రేణికి 5 శాతం కోత పెట్టారు. అట్టడుగున ఉన్న రెండు శ్రేణుల వారి జీతం ముట్టుకోలేదు.

ఇలాంటి సందర్భంలో రాసే ఉత్తరంగా చూస్తే చాలావరకు బాగానే ఉంది. కారణం చెప్పారు, విచారం తెలిపారు, పెద్ద తలకాయ ముందు నిలబడింది, చిన్న జీతగాళ్లను వదిలేశారు. ఏప్రిల్ 1 నుంచి అమలని కూడా చెప్పారు. కానీ పత్రికల్లో వచ్చిన ఆ లేఖ పాఠంలో ముగింపు తేదీ లేదు. ఏం జరిగితే పాత జీతం తిరిగి వస్తుందో లేదు. నిజం చెప్పాలంటే ఆ మార్చి నెలలో అది ఎవరికీ తెలియదు కూడా. అయితే తేదీ తెలియనప్పుడు ‘మళ్లీ ఫలానా రోజున కూర్చుని చూద్దాం’ అని ఒక తేదీ పెట్టవచ్చు.

తర్వాత కథ ఎటు నడిచిందో చూడండి. లాక్‌డౌన్ కాలంలో జీతాలు కోయవద్దని కేంద్రం కోరడంతో, ఆ కోరికను మన్నించి ఏప్రిల్‌లో ఇండిగో కోతను వెనక్కి తీసుకుంది. మే మొదటివారం దాటగానే మళ్లీ పెట్టింది. దానికి తోడు మే, జూన్, జూలై నెలల్లో కొందరికి జీతం లేని సెలవులూ వచ్చిపడ్డాయి. జూలైలో పది శాతం మందిని ఉద్యోగాల్లోంచి తీసేస్తున్నట్టు ప్రకటించింది. అదే నెలాఖరులో కోత ఇంకా లోతుగా దిగింది. సెప్టెంబరు నుంచి సీఈఓకు 35 శాతం, పైలట్లకు 28 శాతం. విమానాలు నేలకు దిగిపోయిన సంస్థకు డబ్బు నిజంగానే లేదు, అందులో అబద్ధం లేదు. కానీ ఉద్యోగి వైపు నుంచి చూస్తే అయిదు నెలల్లో తన జీతం గురించి నాలుగైదు మాటలు విన్నాడు, ఏ మాటకూ గడువు లేదు.

గడువు లేని కోత రెండేళ్ల తర్వాత కూడా పూర్తిగా తీరలేదు. 2022 ఏప్రిల్‌లో పైలట్ల జీతం 8 శాతం పెంచారు, నవంబరులో మరో 6.5 శాతం అన్నారు. అది పోయినదాంట్లో సగం మాత్రమే కావడంతో కొందరు పైలట్లు సమ్మెకు సిద్ధమయ్యారు. సంస్థ వారిని సస్పెండ్ చేసింది. ఆ ఏడాది జూలై 2న క్యాబిన్ సిబ్బందిలో పెద్దసంఖ్యలో ఒకేసారి అనారోగ్య సెలవు పెట్టడంతో సగానికి పైగా విమానాలు ఆలస్యమయ్యాయి. అదే రోజుల్లో ఎయిరిండియా నియామకాలు చేపట్టిందని, సెలవు పెట్టినవారిలో చాలామంది అక్కడికి ఇంటర్వ్యూకు వెళ్లారని వార్తలొచ్చాయి. మార్కెట్ తేరుకున్న రోజున కోతకు గురైన ఉద్యోగి మొదట చేసే పని ఇదే.

జీతం తగ్గించడం కంటే తగ్గించిన సంగతి చెప్పే తీరు ఎంత తేడా తెస్తుందో లెక్కతో తేల్చిన పరిశోధన ఒకటుంది. అమెరికన్ మనస్తత్వ పరిశోధకుడు జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ 1990లో ప్రచురించాడు. అక్కడి ఒక యంత్ర విడిభాగాల కంపెనీకి రెండు పెద్ద కాంట్రాక్టులు పోయాయి. మనుషులను తీసేసే బదులు రెండు ఫ్యాక్టరీల్లో అందరికీ పది వారాల పాటు 15 శాతం జీతం తగ్గించాలని యాజమాన్యం నిర్ణయించింది. కోత లేని మూడో ఫ్యాక్టరీని గ్రీన్‌బర్గ్ పోలిక కోసం ఉంచుకున్నాడు.

మొదటి ఫ్యాక్టరీకి కంపెనీ ప్రెసిడెంట్ స్వయంగా వెళ్లాడు. గంటన్నర సమావేశం. నగదు రాకపోకల పట్టికలు చూపించాడు, ఎందుకు తప్పడం లేదో చెప్పాడు, బాధపడుతున్నానన్నాడు, ఎవరికీ మినహాయింపు లేదన్నాడు. ఆ గంటన్నరలో ఎక్కువభాగం కార్మికుల ప్రశ్నలకే పోయింది. రెండో ఫ్యాక్టరీలో సమావేశం పదిహేను నిమిషాల్లో ముగిసింది. కాంట్రాక్టులు పోయాయి, పది వారాలు 15 శాతం తక్కువ వస్తుంది, అంతే. పట్టికలూ లేవు, క్షమాపణా లేదు.

గ్రీన్‌బర్గ్ కార్మికుల అభిప్రాయంతో ఆగలేదు, స్టోర్‌లో లెక్కకు రాకుండా మాయమవుతున్న పనిముట్లనూ సామాన్లనూ కొలిచాడు. కోత మొదలయ్యాక రెండు చోట్లా దొంగతనం పెరిగింది. గంటన్నర సమావేశం జరిగినచోట కొద్దిగా, పదిహేను నిమిషాల సమావేశం జరిగినచోట చాలా ఎక్కువగా. అక్కడ ప్రతి అయిదుగురిలో ఒకరికి పైగా ఉద్యోగం వదిలి వెళ్లిపోయారు కూడా. పది వారాలు గడిచి పాత జీతం రాగానే దొంగతనం రెండుచోట్లా మునుపటి స్థాయికి పడిపోయింది. ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. రెండు ఫ్యాక్టరీల్లోనూ కోత ఒకటే, గడువు ఒకటే, చెప్పిన మాటే వేరు. గడువు చెప్పి, చెప్పినట్టే పూర్తి చేశారు కాబట్టే ఆ చివరి ఫలితం వచ్చింది. గడువు పొడిగించి ఉంటే ఆ పట్టికలూ సమావేశమూ ఏమయ్యేవో ఊహించుకోవచ్చు.

మన దగ్గర ఇదే పరీక్ష ఫ్యాక్టరీల్లో కాదు, సచివాలయాల్లో జరిగింది. 2020 మార్చి ఆఖరు రోజుల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు వరుసగా జీవోలు ఇచ్చాయి. తెలంగాణలో ముఖ్యమంత్రి, మంత్రులు, ఎమ్మెల్యేలకు 75 శాతం, ఐఏఎస్, ఐపీఎస్ వంటి అఖిల భారత సర్వీసుల వారికి 60 శాతం, మిగతా ఉద్యోగులకు సగం, నాలుగో తరగతి సిబ్బందికీ కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ వారికీ 10 శాతం ఆపారు. ఆంధ్రప్రదేశ్‌లో ముఖ్యమంత్రి, మంత్రులు, ఎమ్మెల్యేలకు మొత్తం ఆగిపోయింది. మిగతా లెక్క ఇంచుమించు ఇదే. ఎవరికి ఎంత అనేది జీవోలో స్పష్టంగా ఉంది. రెండు జీవోలూ కోత అనలేదు, ‘వాయిదా’ అన్నాయి. అయితే ఎప్పటికి వాయిదా? ఆ తేదీ లేదు. పింఛను మీద బతికే పెద్దలకు కూడా సగమే చేతికొచ్చింది. టీ కొట్ల దగ్గర ఉద్యోగులు దీన్ని వాయిదా అని పిలవలేదు, సగం జీతమనే పిలిచారు.

ఆంధ్రప్రదేశ్ జీవోను ఒక విశ్రాంత జిల్లా జడ్జి హైకోర్టులో సవాలు చేశారు. ఈలోగా ప్రభుత్వం వైద్య, పోలీసు, పారిశుధ్య సిబ్బందికి ఏప్రిల్‌లోనే పూర్తి జీతం పునరుద్ధరించింది. 2020 ఆగస్టు 11న హైకోర్టు ఆపిన జీతాలూ పింఛన్లూ 12 శాతం వడ్డీతో చెల్లించమంది. వడ్డీ విషయంలో ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2021 ఫిబ్రవరి 8న సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది గానీ తీసేయలేదు. చేసిన పనికి జీతం ఉద్యోగి హక్కు అని, ఆలస్యానికి వడ్డీ శిక్ష కాదని, 30 రోజుల్లో చెల్లించాలని చెప్పింది. తెలంగాణలో ఏ చట్టం ప్రకారం ఆపారని హైకోర్టు అడిగాక, జూన్‌లో ఒక ఆర్డినెన్స్ వచ్చింది. విపత్తు సమయంలో సగం వరకు వాయిదా వేయవచ్చని, ఎలా తిరిగి ఇచ్చేదీ ఆరు నెలల్లో చెప్పాలని అందులో రాశారు. మొదటి జీవోలో ఉండాల్సిన వాక్యం చివరికి ఆర్డినెన్స్‌లో దొరికింది.

కేరళ కథ దీనికి తలకిందులు. నెలకు ఆరు రోజుల జీతం, అయిదు నెలల పాటు, అంటే మొత్తంగా ఒక నెల జీతం ఆపుతామని, ఇరవై వేల లోపు జీతగాళ్లకు వర్తించదని ఉత్తర్వులో లెక్కగా చెప్పారు. చెప్పడంలో ఇంత తేటగా ఉన్న ఉత్తర్వు ఆ రోజుల్లో మరొకటి కనపడదు. అయినా చట్టబలం లేదని హైకోర్టు దాన్ని నిలిపేసింది, కేరళ కూడా ఆర్డినెన్స్ తెచ్చుకోవాల్సి వచ్చింది. స్పష్టంగా చెప్పినంత మాత్రాన అధికారం రాదు. అధికారం ఉన్నంత మాత్రాన చెప్పినట్టూ కాదు.

ప్రైవేటు సంస్థకైతే ఆర్డినెన్స్ తెచ్చుకునే దారి లేదు. అక్కడ అధికారం రెండు చోట్ల నుంచి వస్తుంది, ఉద్యోగి సంతకం నుంచి, లేదా చట్టం చెప్పిన నోటీసు నుంచి. కార్మికుల జీతం మార్చాలంటే 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని పారిశ్రామిక వివాదాల చట్టం 9ఎ సెక్షన్ ఏనాడో చెప్పింది. దాని స్థానంలో వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి కూడా అదే గడువు ఉంచింది. కనీస వేతనం కంటే కిందికి దించడానికి ఎవరి సంతకమూ పనికిరాదు. మేనేజర్ల వంటి వారికి నియామక పత్రమే ఒప్పందం కనుక, దాన్ని ఒక పక్షమే మార్చేస్తే చెల్లదు. ‘ఈమెయిల్ పంపాం, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు’ అనే వాదన మీద ఆధారపడటం ప్రమాదం.

ఇక ఉత్తరం ఎలా ఉండాలో ఒక లెక్క వేసి చూద్దాం. హైదరాబాద్ శివారులో పంపుసెట్ల విడిభాగాలు చేసే ఒక యూనిట్ ఉందనుకుందాం. అరవై మంది పనిచేస్తున్నారు. ముప్పై అయిదుగురికి నెలకు 18 వేలు, పదిహేను మందికి 30 వేలు, ఏడుగురికి 60 వేలు, ముగ్గురికి లక్షా 20 వేలు. నెల జీతాల బిల్లు 18 లక్షల 60 వేలు. ఆర్డర్లు సగానికి పడిపోయాయి. నెలకు రెండు లక్షలు మిగిలితే ఆరు నెలలు లాగవచ్చని యజమాని అంచనా.

మొదటి చిక్కు శాతాల దగ్గరే వస్తుంది. ఇరవై వేలు దాటిన వారందరికీ పది శాతం అని ఒక్క గీత గీస్తే, 21 వేలు తీసుకునే వాడికి 18,900 వస్తుంది, 20 వేలు తీసుకునే వాడికి 20 వేలే ఉంటుంది. నిన్నటివరకు పైన ఉన్నవాడు ఈరోజు కింద పడ్డాడు. షాపు ఫ్లోర్‌లో గొడవ మొదలయ్యేది ఇక్కడే. దీనికి మందు ఆదాయపు పన్ను శ్లాబుల్లో ఉంది. మొత్తం జీతం మీద కాకుండా గీత పైన ఉన్న భాగం మీదే కోయాలి. మొదటి ఇరవై వేలకు కోత లేదు, ఇరవై నుంచి యాభై వేల మధ్య భాగంపై పది శాతం, యాభై పైన ఇరవై శాతం అనుకుందాం. అప్పుడు 30 వేల ఉద్యోగికి వెయ్యి, 60 వేల ఉద్యోగికి అయిదు వేలు, లక్షా ఇరవై వేల వారికి 17 వేలు పోతుంది. ఎవరూ ఎవరి కిందికీ దిగరు.

మొత్తం కలిపితే ఎంత మిగిలింది? పదిహేను వేలు, ముప్పై అయిదు వేలు, యాభై ఒక్క వేలు, వెరసి లక్షా వెయ్యి రూపాయలు. రెండు లక్షలు కావాలి. మిగతా లక్ష కోసం చాలామంది యజమానులు కోత శాతం పెంచుతారు. కానీ యజమాని తాను నెలకు తీసుకునే రెండు లక్షల్లో సగం వదులుకుంటే లెక్క సరిపోతుంది. ఇది త్యాగాన్ని చాటుకునే మాట కాదు. ఉద్యోగులకు చూపించే పట్టికలో మొదటి వరసే ‘యజమాని, 50 శాతం’ అని ఉంటే మిగతా వరసలు చదివే తీరు మారిపోతుంది. ఆరు నెలలకు పన్నెండు లక్షలు మిగులుతుంది. అసలు లోటు ముప్పై లక్షలైతే మాత్రం ఈ కోత దాన్ని ఆపలేదు. ఆ సంగతి ముందే తెలిసి కూడా కోతతో మొదలుపెట్టి, మూడు నెలల తర్వాత మనుషులను తీసేస్తే, జీతమూ పోయి ఉద్యోగమూ పోయిన వాడి దృష్టిలో మొదటి ఉత్తరం మోసపత్రం అవుతుంది. ‘ఈ కోత వల్ల ఉద్యోగాలు ఫలానా తేదీ వరకు భద్రం’ అని హామీ ఇవ్వగలిగితే ఇవ్వాలి, ఇవ్వలేకపోతే ఇవ్వలేమని రాయాలి.

ఇప్పుడు గడువు. ‘పరిస్థితి మెరుగుపడే వరకు’ అని రాస్తే అది గడువు కాదు. పరిస్థితి మెరుగుపడిందని ఎవరు తేలుస్తారు? అందుకే రెండు తలుపులు పెట్టాలి, ఏది ముందు తెరుచుకుంటే అది. ఒకటి తేదీ. ఉదాహరణకు ‘సెప్టెంబరు నెల జీతంతో కోత ముగుస్తుంది, అక్టోబరు జీతం పాతదే’ అని. ఇక్కడ కీలకం, తేదీ రాగానే పాత జీతం దానంతటదే తిరిగి రావాలి. పొడిగించాలంటే యాజమాన్యమే కొత్త నోటీసు ఇచ్చి, మళ్లీ సంతకాలు అడగాలి. తిరిగి ఇచ్చే రోజున ఉత్తర్వు కావాలని రాస్తే ఆ ఉత్తర్వు ఎప్పటికీ రాదు. కొనసాగించడానికి ఉత్తర్వు కావాలని రాస్తే యజమాని ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు.

రెండోది షరతు. ‘వరుసగా రెండు నెలలు అమ్మకాలు పాత సగటులో 85 శాతం దాటితే మరుసటి నెల నుంచి పూర్తి జీతం’. ఈ వాక్యంలో అమ్మకాలు అన్నాం, లాభం అనలేదు. లాభం అనేది యంత్రాల తరుగుదల, వడ్డీ, యజమాని ఖర్చులు అన్నీ తీసేశాక మిగిలేది. అకౌంటెంట్ కలం పట్టుకునే తీరును బట్టి అది జరుగుతుంది. నెలనెలా జీఎస్టీ రిటర్నులో చూపే అమ్మకాల మొత్తం అలా కదలదు. ఉద్యోగుల తరఫున ఒకరిద్దరికి ఆ అంకె చూసే హక్కు ఇవ్వాలి. లేకపోతే షరతు ఉన్నా లేనట్టే. అందరికీ ఒకేసారి తిరిగి ఇవ్వలేకపోతే కింది జీతం వారికి ముందు అనే క్రమాన్ని కూడా అప్పుడే రాసి పెట్టుకోవాలి. ఆర్డర్లు వచ్చాక రాస్తే పైవాళ్లే ముందుంటారు.

కోసిన సొమ్ము తర్వాత ఇస్తారా, ఇవ్వరా? ఇది కోతా, వాయిదానా అని ఉత్తరంలో తేటగా ఉండాలి. రెండింటికీ తేడా మాటల్లో మాత్రమే లేదు. ఆదాయపు పన్ను లెక్కలో జీతం చేతికి రాకపోయినా బాకీ పడిన ఏడాదే ఆదాయం అవుతుంది. అంటే వాయిదా పడిన జీతం మీద ఉద్యోగి ముందే పన్ను కట్టాల్సి రావచ్చు. కోతైతే ఆ సమస్య లేదు, ఆ డబ్బూ లేదు. ఆంధ్రప్రదేశ్ కేసులో వడ్డీ వచ్చిందంటే అది వాయిదా కావడం వల్లే.

చాలా ఉత్తరాలు మరిచిపోయేది గ్రాట్యుటీ. దాన్ని చివరగా తీసుకున్న జీతంపై లెక్కిస్తారు. పాతికేళ్లు పనిచేసిన ఫోర్‌మన్ సరిగ్గా ఈ ఆరు నెలల మధ్యలో రిటైరైతే, అతని బేసిక్ నుంచి కోసిన ప్రతి రూపాయీ పాతికేళ్ల మొత్తాన్ని తగ్గిస్తుంది. అందుకే ‘గ్రాట్యుటీ, సెలవుల నగదు, తొలగింపు పరిహారం పాత జీతం మీదే’ అని ఒక వాక్యం ఉండాలి. పేస్లిప్‌లో పాత జీతాన్ని పూర్తిగా చూపించి, దాని కింద ‘తాత్కాలిక తగ్గింపు’ అని వేరే వరుసగా రాయడం దీనికి సాక్ష్యం. కొత్త తక్కువ అంకెనే జీతంగా ముద్రిస్తే, ఏడాది గడిచేసరికి పాతది గుర్తుండేది ఉద్యోగి ఇంట్లో వాళ్లకే. బ్యాంకు రుణానికి వెళ్లినా, మరో కంపెనీ ‘ప్రస్తుత జీతం ఎంత’ అని అడిగినా ఆ అంకే వెంటాడుతుంది.

ఇదంతా ఎవరు, ఎప్పుడు చెప్పాలి? గ్రీన్‌బర్గ్ ఫ్యాక్టరీలో ప్రెసిడెంట్ వెళ్లాడని చూశాం. మన దగ్గర చాలాచోట్ల ఈ పని హెచ్‌ఆర్ మేనేజర్ మీద పడుతుంది. ఆయనకు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పే అధికారం ఉండదు. ‘అయ్యా, మా పైవాళ్లను కనుక్కుని చెబుతాను’ అన్న మరుక్షణం సమావేశం వృథా. సూపర్‌వైజర్లకు ఒకరోజు ముందు చెప్పాలి, ఎందుకంటే సమావేశం తర్వాత కార్మికులు అడిగేది వాళ్లనే. ఒకరోజు కంటే ముందు చెబితే వాట్సాప్‌లో తిరిగి, యజమాని నోరు తెరిచేసరికి అందరికీ వేరే కథ తెలిసి ఉంటుంది.

మంచి ఉత్తరాన్ని కూడా పాడుచేసేవి తర్వాత వస్తాయి. కోత నడుస్తుండగా ఎక్కువ జీతంతో కొత్త మనిషిని తీసుకోవడం, యజమాని కారు మార్చడం, నెలనెలా చెప్తామన్న అమ్మకాల అంకె మూడో నెల నుంచి చెప్పకపోవడం. చివరిది అన్నిటికంటే చెడ్డది. అంకె బాగోలేనప్పుడు కూడా చెబితేనే బాగున్నప్పుడు చెప్పిన అంకెను నమ్ముతారు. నమ్మకం జారిందని తెలిసేది ఫిర్యాదులతో కాదు. ఓవర్‌టైముకు రమ్మంటే రాకపోవడం, నైపుణ్యం ఉన్న ఇద్దరు ముగ్గురు ఒకే నెలలో రాజీనామా ఇవ్వడంతో తెలుస్తుంది. వెళ్లేది ఎప్పుడూ బయట గిరాకీ ఉన్నవాళ్లే. తర్వాత ఆర్డర్లు వచ్చినా లేతు పట్టే మనిషి దొరకడు.

ఇలాంటి కాగితం మీ చేతికే వస్తే, సంతకం చేసేముందు ముగింపు తేదీ ఎక్కడుందో వెతకండి. లేకపోతే అడగండి. మౌఖికంగా ‘మూడు నెలలే’ అంటే, ఆ మూడు నెలల చివరి తేదీని మీ కలంతో కాగితం మీద రాసి, పక్కన వాళ్ల పొట్టి సంతకం కూడా తీసుకుని, ఒక ప్రతి ఇంటికి తీసుకెళ్లండి.